రాయచూరు యుద్ధం ప్రాజెక్టు: నూనిజ్‌నా, ఫెరిష్తానా, ఎవర్ని నమ్మాలి?

"హిస్టరీ ప్రాజెక్టుకి కృష్ణదేవరాయల రాయచూరు యుద్ధం తీసుకున్నాను. ఏది ప్రాథమిక ఆధారం, ఏది ద్వితీయ ఆధారం? రాసినవాడిది పక్షపాతమని ఎలా కనిపెట్టాలి?"

ముందుగా రాబర్ట్ స్యూయల్ 1900లో అచ్చు వేయించిన విజయనగర చరిత్ర దగ్గర పెట్టుకోండి. దాని మొదటి భాగం స్యూయల్ సొంత రచన, అంటే ద్వితీయ ఆధారం. చివర్లో ఉన్నవి పోర్చుగీసువాళ్లు పేస్, నూనిజ్ రాసిన వృత్తాంతాలకు అనువాదాలు. కాబట్టి "స్యూయల్ చెప్పాడు" అని రాసేముందు ఆ పేజీ ఎవరిదో చూసుకోండి. నూనిజ్ మాటైతే "నూనిజ్, స్యూయల్ అనువాదం" అని రాయాలి.

యుద్ధం జరిగింది 1520లో, రాయలకూ బీజాపూర్ సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షాకూ మధ్య. నూనిజ్ రాసింది 1535 ప్రాంతంలో, అప్పటికే రాయలు పోయి కొన్నేళ్లు. విజయనగరంలోనే ఉన్నాడు కాబట్టి యుద్ధం చూసినవాళ్లు ఆయనకు దొరికే ఉంటారు. రాయల కాల్బలం 7,03,000 అంటాడు. మన గైడ్లన్నీ ఈ అంకెను కళ్లకద్దుకుని ఎక్కించేస్తాయి, అదే నాకు బాధ. అంతమందికి రోజూ తిండి, నీళ్లు ఎలా అందాయని ఒక్కరూ అడగరు. "చాలా పెద్ద సైన్యం" అని రాయండి, అంకెను మాత్రం నూనిజ్ పేరుమీదే ఉంచండి.

ఆయన మొగ్గు కోట ముట్టడి దగ్గర బయటపడుతుంది. ఫిగరెదో అనే పోర్చుగీసు, తనవాళ్లు ఓ ఇరవై మందితో వచ్చి తుపాకులతో గోడమీది కాపలావాళ్లను కొట్టడం వల్లే కోట లొంగిందన్నట్టు నూనిజ్ చెబుతాడు. తుపాకులు పేలాయన్నది నమ్మొచ్చు. గెలుపు ఘనతలో వాళ్ల వాటా ఎంతన్నది మాత్రం సొంతవాళ్ల గురించి సొంతవాడు చెప్పే మాట.

ఇప్పుడు ఫెరిష్తా. ఈయన 17వ శతాబ్దం మొదట్లో బీజాపూర్ ఆస్థానంలో రాశాడు, అంటే ఓడినవాళ్ల వారసుల కొలువులో. ఇస్మాయిల్ ఆదిల్ షా తాగిన మత్తులో, సైన్యమంతా సిద్ధం కాకుండానే కృష్ణ దాటి దెబ్బతిన్నాడంటాడు. తన ప్రభువుల వంశం తప్పును ఒప్పుకున్నాడు కదా, ఇది నిజమే అనిపిస్తుంది. కానీ తప్పు మద్యం మీదికి పోతే బీజాపూర్ సైన్యం పరువు దక్కుతుంది. పైగా నడుమ ఎనభై ఏళ్లకు పైగా గడిచాయి. అందుకే 1520లో ఏం జరిగిందన్న ప్రశ్నకు ఫెరిష్తా ద్వితీయ ఆధారం, బీజాపూర్ కొలువు ఆ ఓటమిని ఎలా చెప్పుకుందన్న ప్రశ్నకు ఆయనే ప్రాథమిక ఆధారం. ప్రశ్నను బట్టి మారిపోయే ఈ సంగతిని రెండు గడుల పట్టికలో ఇరికించమనే వర్క్‌షీట్లను పక్కన పెట్టేయండి.

ప్రాజెక్టులో ఒకే సంఘటనకు ఇద్దరి కథనాలూ పక్కపక్కన రాయండి. ఆదిల్ షా నది దాటాడు, ఓడాడు అన్నదాంట్లో ఇద్దరూ కలుస్తారు. ఒకరి లాభం మరొకరికి లేదు కాబట్టి దాన్ని ధైర్యంగా రాయొచ్చు. ఎందుకు ఓడాడన్న దగ్గర విడిపోతారు, అక్కడ ప్రతి వాక్యం "నూనిజ్ ప్రకారం", "ఫెరిష్తా ప్రకారం" అనే మొదలవ్వాలి.