కొత్త కంప్యూటర్ వచ్చాక పాత ప్రింటర్ ఎందుకు మూగబోయింది?

ప్రశ్న: రిటైరైన మనిషిని. ఏళ్ల తరబడి బాగా పనిచేసిన లేజర్ ప్రింటర్, మనవడు కొత్త కంప్యూటర్ కొనిచ్చినప్పటి నుంచి ఒక్క కాగితం తీయడం లేదు. లైటు వెలుగుతోంది, కేబుల్ కూడా సరిగానే ఉంది. ప్రింటర్ పాడైనట్టేనా?

జవాబు: పాడై ఉండకపోవచ్చండి. ముందు కంప్యూటర్‌కున్న కేబుల్ తీసేసి, ప్రింటర్ మీది బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. చాలా లేజర్ ప్రింటర్లు అప్పుడు తమంతట తామే ఒక పరీక్ష పేజీ తీస్తాయి. ఏ బటన్ అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. పేజీ శుభ్రంగా వస్తే యంత్రం బాగున్నట్టే. మా తాతయ్య ప్రింటర్ కూడా ఇలాగే ఆగిపోయింది. పరీక్ష పేజీ మాత్రం ఒక్క మచ్చ లేకుండా వచ్చింది.

అసలు సంగతి డ్రైవర్‌ది. తక్కువ ధర లేజర్ ప్రింటర్లలో చాలావాటికి అక్షరాలు తెలియవు. పేజీ మొత్తాన్ని చుక్కలుగా మార్చి పంపే పని కంప్యూటర్‌దే. ఆ పని చేసే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. విండోస్‌లో 32 బిట్, 64 బిట్ అని రెండు రకాలున్నాయి, ఒకదాని కోసం రాసిన డ్రైవర్ రెండోదానికి పనికిరాదు. తాతయ్య పాత కంప్యూటర్‌లో ఉన్నది 32 బిట్ విండోస్ 7, ప్రింటర్‌తో వచ్చిన సీడీలోని డ్రైవర్ కూడా దానికోసం రాసిందే. కొత్త కంప్యూటర్లలో ఉండే విండోస్ 11 మాత్రం 64 బిట్‌లోనే వస్తుంది, 32 బిట్ డ్రైవర్‌ను తీసుకోదు. అందుకే కేబుల్ పెట్టగానే టింగుమని శబ్దం వస్తుంది, ప్రింటర్ మాత్రం కదలదు. Device Manager తెరిస్తే Other devices కింద పసుపు గుర్తుతో కనిపించవచ్చు.

మీరు Settings > System > About లో System type చూడండి. అక్కడ x64-based processor అని ఉంటే, ప్రింటర్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి 64 బిట్ డ్రైవర్ వెతకండి. విండోస్ 11 పేరు లేకపోయినా విండోస్ 10 64 బిట్‌ది ఉంటే చాలాసార్లు పనిచేస్తుంది. ARM-based processor అని ఉంటే మాత్రం అది వేరే రకం ప్రాసెసర్ కనుక ఆ డ్రైవర్ కూడా ఎక్కదు, ARM64 కోసం చేసిందే కావాలి. ఏదేమైనా, డ్రైవర్లు ఇస్తామనే వేరే సైట్ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. వాటి వెంట వైరస్‌లు వచ్చే ప్రమాదం ఉంది.

తాతయ్య మోడల్‌కు కంపెనీ 64 బిట్ డ్రైవర్ ఇవ్వనే లేదు. కాబట్టి పాత కంప్యూటర్‌ను ప్రింటర్ కోసమే ఉంచేశాం. కొత్తదాంట్లో రాసింది పీడీఎఫ్‌గా సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ప్రింట్ చేసుకుంటారు. విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగిపోయాయి కనుక దానికి ఇంటర్నెట్ తీసేశాం. కాస్త నడక తప్ప ఆయనకు వేరే ఇబ్బంది లేదు.

ఎప్పుడైనా కొత్త ప్రింటర్ కొనాల్సివస్తే, పెట్టె మీద Mopria అని ఉందేమో చూడండి. అలాంటివాటిని విండోస్ 11 కంపెనీ డ్రైవర్ లేకుండానే నడుపుతుంది.