భూసార రిపోర్టులో 150 అంటే 150 కిలోల యూరియా కాదు

బాబూ,

నువ్వు పంపిన భూసార పరీక్ష రిపోర్టు ఫోటో చూశాను. మొక్కజొన్నకి 150-45-40 అని ఉంది కదా, దాన్ని 150 కిలోల యూరియా, 45 కిలోల డీఏపీ, 40 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అనుకుని కొనడానికి వెళ్తున్నానన్నావు. ఆగు. ఆ అంకెలు ఎరువుల బరువు కాదు, పోషకాల బరువు. మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్. పైగా కాలమ్ పైన kg/ha అని ఉంది, అంటే అది హెక్టారుకి. నీది ఎకరం. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు కాబట్టి ప్రతి అంకెనీ రెండున్నరతో భాగించు, 60-18-16 వస్తుంది. నీ పొలానికి కావాల్సింది ఇది.

ఇప్పుడు ఎరువులోకి మారుద్దాం. ఎప్పుడూ భాస్వరంతో మొదలుపెట్టు, ఎందుకంటే డీఏపీలో భాస్వరంతో పాటు నత్రజని కూడా ఉంటుంది, ముందే యూరియా లెక్క తేల్చేస్తే ఆ నత్రజని అదనంగా పడిపోతుంది. డీఏపీ బస్తా మీద 18-46-0 అని ఉంటుంది, అంటే వంద కిలోల్లో 18 కిలోల నత్రజని, 46 కిలోల భాస్వరం. నీకు 18 కిలోల భాస్వరం కావాలంటే 18 ÷ 0.46, సుమారు 39 కిలోల డీఏపీ చాలు. దాంతో 7 కిలోల నత్రజని కూడా వచ్చేస్తుంది. 60లో అది పోగా 53 మిగిలింది. యూరియాలో 46 శాతం నత్రజని, కాబట్టి 53 ÷ 0.46, అంటే 115 కిలోల యూరియా. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 60 శాతం ఉంటుంది, 16 ÷ 0.60, 27 కిలోలు. అంతే.

నువ్వనుకున్నట్టు ఎకరానికి 150 కిలోల యూరియా, 45 కిలోల డీఏపీ వేసి ఉంటే నత్రజని 60కి బదులు 77 కిలోలు పడేది. పైరు ముదురాకుపచ్చగా ఏపుగా పెరిగి చూడ్డానికి బాగుంటుంది గానీ, కాండం మెత్తబడి గాలికి పడిపోతుంది, పురుగూ ఎక్కువగా పడుతుంది.

ఇంకో మాట అడిగావు, నేలలో నత్రజని 210 అని ఉంది కదా, మళ్లీ 150 ఎందుకు వేయాలి అని. ఇది చాలామందికి వచ్చే అనుమానమే. ఆ 210 బ్యాంకులో ఉన్న డబ్బు లాంటిది కాదు, అందులోంచి తీసేసి లెక్క కట్టకూడదు. ల్యాబ్‌లో ఒక పద్ధతిలో మట్టి నుంచి ఎంత బయటికొచ్చిందో చెప్పే కొలత అది. ఆ కొలతని బట్టి నేలని తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు తరగతుల్లో పెడతారు, దాని ఉపయోగం అంతవరకే. నీ నేలలో నత్రజని తక్కువ, భాస్వరం ఎక్కువ, పొటాష్ మధ్యస్థం. రిపోర్టులో పక్క కాలమ్‌లో సాధారణ సిఫారసు 120-60-40 అని ఉంది చూడు. తక్కువ ఉన్న నత్రజనిని పాతిక శాతం పెంచి 150 చేశారు, ఎక్కువ ఉన్న భాస్వరాన్ని పాతిక శాతం తగ్గించి 45 చేశారు. అంటే సవరణ వాళ్లే చేసేశారు. "భాస్వరం ఎక్కువ ఉందట" అని నువ్వు మళ్లీ తగ్గించకు. రిపోర్టులో సాధారణ మోతాదు ఒక్కటే ఉంటే మాత్రం ఈ సవరణ మనం చేసుకోవాలి.

అయితే ఆ భాస్వరం అంకె దగ్గర నాకొక అనుమానం ఉంది. 30 అని రాశారు, కింద 25 దాటితే ఎక్కువ అని ఉంది. ఆ 30 పక్కన P అని ఉందా, P2O5 అని ఉందా? P అంటే భాస్వరం ఒక్కదాని బరువు, P2O5 అంటే దాంతో కలిసిన ఆక్సిజన్‌ని కూడా కలిపి కట్టిన బరువు. ఫోటోలో సరిగ్గా కనబడలేదు. P2O5 లెక్కలో 30 అంటే P లెక్కలో 13 మాత్రమే (2.29తో భాగించాలి), అప్పుడు నేల 'ఎక్కువ'లోంచి 'మధ్యస్థం'లోకి వచ్చేస్తుంది, భాస్వరం తగ్గించాల్సిన పనే ఉండదు. కింద ఇచ్చిన హద్దులు దేని లెక్కలో ఉన్నాయో కూడా చూడు, రెండూ ఒకటే అయితే ఇబ్బంది లేదు, వేరైతే ల్యాబ్‌కి ఫోన్ చేసి అడుగు.

వేయడం దగ్గరికొస్తే డీఏపీ మొత్తం విత్తేటప్పుడే వేయి, భాస్వరం నేలలో పెద్దగా కదలదు కాబట్టి వేరుకి దగ్గర్లో పడాలి. పొటాష్ కూడా అప్పుడే. యూరియా మాత్రం ఒకేసారి వద్దు, మూడు భాగాలు చేసి విత్తేటప్పుడు కొంత, మోకాలెత్తు పెరిగాక కొంత, పూతకి ముందు మిగతాది తేమ ఉన్నప్పుడు వేయి. జింక్ లోపం అని కూడా రాశారు కాబట్టి జింక్ సల్ఫేట్ వేయాల్సిందే, కానీ డీఏపీతో కలపకు, రెండూ కలిస్తే మొక్కకి అందని రూపంలోకి మారిపోతాయి. ఆఖరి దుక్కిలో జింక్ వేసి, కొన్ని రోజులాగి డీఏపీ వేయి.

కొనే ముందు ఆ P సంగతి చూసి ఇంకోసారి దగ్గరగా ఫోటో తీసి పంపు.

మీ బాబాయి