పురుగుమందు లేబుల్‌ని మేమే తెలుగులో రాసి ఇవ్వొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మా రైతు ఉత్పత్తిదారుల సంఘం లైసెన్సు తీసుకుని పురుగుమందులు అమ్ముతోంది. కొన్ని డబ్బాల మీద తెలుగు చీమ తలకాయంత ఉంటుంది, కొన్నిటి మీద అసలు ఉండదు. మోతాదు, కోతకి ముందు ఆగాల్సిన రోజులు, జాగ్రత్తలు నేనే తెలుగులో రాసి స్టిక్కర్ వేయిద్దామనుకుంటున్నాను. తప్పు దొర్లితే కేసు మా మీదికి వస్తుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: రాయండి. డబ్బాకి మాత్రం అంటించకండి. విడి కాగితంగా చేతికివ్వండి.

ఎందుకో చెబుతాను. లేబుల్ మీదా, లోపలి కరపత్రంలోనూ ఉండే మాటలు కంపెనీ ఇష్టానికి రాసుకున్నవి కావు. మందు రిజిస్ట్రేషన్‌తో పాటే వాటికీ ఆమోదం ఉంటుంది. కంపెనీ వేసిన అక్షరాలను మార్చినా, చెరిపినా, పాడుచేసినా పురుగుమందుల నియమాలు, 1971 లోని 20వ నియమం కింద తప్పు. మీ స్టిక్కర్ బ్యాచ్ నంబరునో గడువు తేదీనో కప్పేసిందంటే అందులో చిక్కుకున్నట్టే. ఇంకో నష్టం కూడా ఉంది. మందులో లోపం బయటపడినప్పుడు లైసెన్సున్న కంపెనీ నుంచే కొన్నామని, లోపం తెలుసుకునే వీలు లేదని, కొన్న సరుకు కొన్నట్టే ఉంచామని చూపించి డీలర్ బయటపడొచ్చు. 1968 నాటి పురుగుమందుల చట్టం 30వ సెక్షన్ ఇచ్చే రక్షణ ఇది. డబ్బా మీద మీరు చెయ్యి పెట్టాక ‘కొన్నది కొన్నట్టే ఉంది’ అని చెప్పడం కష్టం.

ఇక కాగితంలో తప్పు దొర్లితే ఏమిటన్నది. ఉచితంగా ఇచ్చాం కదా అన్న మాట మిమ్మల్ని కాపాడదు. ‘తప్పులకు మేము బాధ్యులం కాము’ అని కింద వేసుకున్నా పెద్ద ఉపయోగం ఉండదు. ఉన్నది ఉన్నట్టు తెలుగు చేస్తే మీ రిస్కు తక్కువ. మీ సొంత మాట కలిపితే అది మీ హామీ అవుతుంది. కంపెనీ చెప్పనిది అమ్మేవాడు విడిగా హామీ ఇస్తే, ఆ మాట తప్పి నష్టం జరిగినప్పుడు అతనే బాధ్యుడని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్ చెబుతోంది. అందుకే ‘పంటకేమీ కాదు’, ‘మిరపకీ పనిచేస్తుంది’ లాంటివి రాయొద్దు. లేబుల్ మీద లేని పంట మీ కాగితంలోనూ ఉండకూడదు.

నా దగ్గరకి వచ్చిన ఇలాంటి కాగితాల్లో తప్పులన్నీ దాదాపు మూడు చోట్లే ఉంటాయి. మొదటిది మోతాదు. లేబుల్ మీద పట్టికలో ఒక పంటకి ‘హెక్టారుకు ఏ.ఐ. 50 గ్రాములు, మందు 250 మిల్లీలీటర్లు, నీళ్లు 500 లీటర్లు’ అని ఉందనుకోండి. ఏ.ఐ. అంటే డబ్బాలోని ద్రావణంలో అసలు విషం ఎంతో చెప్పే లెక్క. రైతు కొలిచి పోసేది అది కాదు, పక్క గడిలోని 250. ఆ 50ని మోతాదనుకుని రాస్తే ఐదో వంతు మందే పడుతుంది, పురుగు చావదు, రైతు మళ్లీ కొడతాడు. దీనికన్నా ప్రమాదం హెక్టారుని ఎకరంగా చదవడం. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. కాబట్టి ఎకరాకి 100 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీళ్లు. 16 లీటర్ల ట్యాంకుతో ఎకరానికి పన్నెండున్నర ట్యాంకులు, ట్యాంకుకి 8 మిల్లీలీటర్లు. హెక్టారు లెక్కనే ఎకరానికి వాడితే ట్యాంకుకి 20 పడుతుంది. కంపెనీ అంకె, మీరు ఎకరానికి మార్చిన అంకె రెండూ పక్కపక్కన వేయండి. ‘16 లీటర్ల ట్యాంకుకి’ అని ట్యాంకు సైజు చెప్పకుండా వదలొద్దు. ‘ఒక మూత’ అని అసలే రాయొద్దు, డబ్బాని బట్టి మూత మారుతుంది.

రెండోది వెయిటింగ్ పీరియడ్. నిఘంటువు చూసి ‘వేచి ఉండే కాలం: 7 రోజులు’ అని రాస్తే రైతుకి ఏం అర్థమవుతుంది? రెండు స్ప్రేల మధ్య గడువనుకునేవాళ్లు ఉంటారు, చేలోకి దిగకూడని రోజులనుకునేవాళ్లూ ఉంటారు. ‘చివరిసారి మందు కొట్టాక కనీసం 7 రోజులు కోయకూడదు’ అని పూర్తి వాక్యం రాయండి. వంకాయ, బెండకాయ లాంటివి వారంలో రెండు మూడుసార్లు కోస్తారు కాబట్టి ‘ఒక్క కాయ కూడా తెంపకూడదు’ అని చేర్చండి. జనవరి 5న కొడితే 12 కన్నా ముందు కోత లేదని ఒక ఉదాహరణ వేస్తే ఇక సందేహం ఉండదు. ఒకే మందుకి పంటను బట్టి ఈ రోజులు మారతాయి. అందుకే పంటకో వరస పెట్టండి, అన్నిటికీ కలిపి ఒక అంకె వద్దు.

మూడోది హెచ్చరికలు. డబ్బా మీద కోణం తిప్పిన చతురస్రం కింది సగానికి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఒక రంగు ఉంటుంది. ఆకుపచ్చ అంటే సేఫ్ అని మన ఊళ్లలో గట్టి నమ్మకం. అది తక్కువ విషం అని మాత్రమే, విషం కాదని కాదు. ‘సురక్షితం’, ‘హాని లేదు’ అన్న మాటలు లేబుల్ మీద వాడటాన్ని నియమాలే నిషేధించాయి, ‘చెప్పినట్టు వాడితే’ అని ముందు చేర్చినా సరే. మీ కాగితంలోనూ ఆ మాటలు రానివ్వకండి. ప్రథమ చికిత్సలో ‘వాంతి చేయించవద్దు’ అని ఉంటే ‘వద్దు’ కింది వరసలోకి జారిపోకుండా చూడండి. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ ఒక కాగితంలో అదే జరిగింది. ప్రింటర్‌ది పొరపాటు, చదివినవాడికి అర్థం తలకిందులు. మందులోని రసాయనం పేరు, విరుగుడు పేరు తెలుగులో రాసినా, పక్కన లేబుల్ మీద ఇంగ్లీషులో ఉన్నట్టే దించండి. అవి డాక్టరు కోసం. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు డబ్బా కూడా వెంట తీసుకెళ్లమని రాయండి.

అచ్చు వేసే ముందు మందు పేరు, శాతం, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ లేబుల్ చూసి రాశారో పైన వేయండి. ముసాయిదా కంపెనీకి పంపి రాతపూర్వకంగా సరేననిపించుకోండి. ఆ ఉత్తరం ఫైల్లో ఉంటే మీరు జాగ్రత్త తీసుకున్నారనడానికి సాక్ష్యం. కంపెనీ తెలుగుకీ ఇంగ్లీషుకీ అంకెలు కలవకపోతే మీరు దిద్దకండి. రాసి అడగండి, జవాబొచ్చేదాకా ఆ కాగితం పంచొద్దు. తర్వాత పెద్దగా చదువుకోని ఒక సభ్యుడికి చదివి వినిపించి, ‘నీ ట్యాంకులో ఎంత పోస్తావు, ఎప్పుడు కోస్తావు’ అని అడగండి. తప్పు చెబితే తప్పు మీ వాక్యానిదే.

అసలు తెలుగే లేని డబ్బాల సంగతి వేరు. లేబుల్, కరపత్రం హిందీ, ఇంగ్లీషుతో పాటు సరుకు అమ్మే ప్రాంతపు భాషలోనూ ఉండాలని నియమాలు చెబుతున్నాయి. చట్టం 3వ సెక్షన్ ప్రకారం లేబుల్ మీద ఉండాల్సిన మాటలు మామూలు మనిషి చదివి అర్థం చేసుకునేలా లేకపోతే ఆ సరుకు ‘మిస్‌బ్రాండెడ్’ కిందికి రావచ్చు. అలాంటిది అమ్మినవాళ్లూ నేరం చేసినట్టే, మీ కాగితం ఆ లోపాన్ని పూడ్చదు. ఆ డబ్బాలు పక్కన పెట్టి, బ్యాచ్ నంబర్లు రాసుకుని, కంపెనీకి ఒక ఉత్తరం, మీ మండల వ్యవసాయాధికారికి ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. మార్చి ఇచ్చేవరకు ఆ సరుకు కౌంటర్ మీదికి రాకూడదు.