కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన టమాటా పండటం లేదు: ఫొటోల్లో ఏం కనిపించింది, కాయల్ని ఏం చేయాలి

ప్రశ్న: సార్, మాది రామభద్రపురం దగ్గర పల్లె. సంక్రాంతి ముందు రేటు పడిపోయిందని 38 ట్రేల టమాటా తీసుకెళ్లి చింతపండు పెట్టే కోల్డ్ స్టోరేజీలో పెట్టాను. 9 రోజులయ్యాక 22 ట్రేలు బయటకు తెచ్చాను. తెచ్చిన రోజు నిగనిగలాడుతూ ఉన్నాయి. ఇప్పటికి నాలుగు రోజులైంది. పచ్చికాయలు సరిగా పండలేదు, అక్కడక్కడ రంగు వచ్చి మెత్తబడిపోతున్నాయి. ఇది తెగులా? మిగతా 16 ట్రేలు ఇంకా లోపలే ఉన్నాయి. 7 ఫొటోలు పంపాను. ఏవి అమ్మొచ్చు, ఏవి వాడుకోవచ్చు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక టమాటా రైతు, విజయనగరం జిల్లా

జవాబు: ఇది తెగులు కాదండీ, చలి దెబ్బ. లోపల ఉన్న 16 ట్రేలను రేపు పొద్దున్నే బయటకు తెచ్చేయండి. ఒక్కరోజు కూడా ఆపొద్దు. ఎందుకో చెబుతాను.

మీ 7 ఫొటోల్లో నాకు బాగా పనికొచ్చింది ఆఖరిది. బండిలో చోటు చాలక ఇంటి వసారాలో వదిలేసిన రెండు ట్రేల ఫొటో అది. అదే తోట, అదే రోజు కోసిన కాయలు. నాలుగైదు తప్ప అవన్నీ అంచు నుంచి అంచు దాకా ఒకే ఎరుపుతో పండాయి. తోటలో వైరస్ ఉన్నా, పొటాష్ లోపం ఉన్నా ఈ కాయల్లోనూ పసుపు, ఆకుపచ్చ మచ్చలు కనిపించాలి. కనిపించలేదు. అంటే తేడా తోటలో రాలేదు, కోల్డ్ స్టోరేజీ గదిలో వచ్చింది. రెండో ఫొటోలో గది తలుపు పక్క బోర్డు మీద 6 డిగ్రీలని కనిపిస్తోంది. చింతపండుకు ఆ చలి సరిపోతుంది. పచ్చి టమాటాకు అది తట్టుకోలేని చలి.

పచ్చికాయ 12, 13 డిగ్రీల కంటే దిగువన ఎక్కువ రోజులు ఉంటే దెబ్బతింటుంది. 5 డిగ్రీల దగ్గరైతే వారం చాలు. మీ కాయలు 6 డిగ్రీల్లో 9 రోజులున్నాయి. చలికాలంలో సీసాలో నెయ్యి పేరుకుపోవడం చూస్తుంటాం కదా. కాయలోని ప్రతి కణం చుట్టూ కొవ్వుతో చేసిన పలుచని పొర ఉంటుంది. చలికి అదీ అలాగే బిగుసుకుంటుంది. చాలా రోజులు అలాగే ఉంటే పొర పాడై, కణంలోని నీరు బయటకు కారుతుంది. ఎరుపు రంగును, వాసనను తయారుచేసే పనులు కూడా కుంటుపడతాయి. అయితే చలిలో ఉన్నంతసేపూ కాయలో అన్నీ నెమ్మదిగా జరుగుతాయి కాబట్టి ఈ దెబ్బ పైకి కనిపించదు. వెచ్చని గాలిలోకి వచ్చిన రెండు మూడు రోజులకు బయటపడుతుంది. తెచ్చిన రోజు మీరు తీసిన మూడో ఫొటోలో కాయలు మెరుస్తున్నది అందుకే. ఆ మెరుపు చూసి సరుకు బాగుందని అనుకోకూడదు.

నాలుగో ఫొటోలో కాయ భుజాలు ఆకుపచ్చగా ఉండిపోయాయి, నడుమ పసుపు, ఎరుపు కలగాపులగంగా వచ్చాయి. తొక్క మీద సూదితో నొక్కినట్టు చిన్న చిన్న గుంటలున్నాయి. ఐదో ఫొటోలో తొడిమ ఊడిన చోట నల్లటి బూజు కనిపిస్తోంది. చలితో బలహీనపడ్డ కాయ మీదికి ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం ఇలాగే వస్తుంది. మీరు దాన్ని చూసే తెగులనుకుని ఉంటారు. అది తర్వాత వచ్చి చేరింది, మొదటి కారణం కాదు. ఇప్పుడు మందు కొట్టినా లాభం లేదు, కోసిన కాయ మీద కొట్టనూ కూడదు. ఆరో ఫొటోలో కోసిన కాయ గింజలు గోధుమ రంగుకు తిరిగాయి. పై గుర్తులతో పాటు గింజ కూడా ఇలా మారితే చలి దెబ్బ అన్నది ఇంకా బలపడుతుంది. ఎండదెబ్బ అయితే ఎండ తగిలిన ఒక్క వైపే తెల్లగా, కాగితంలా అవుతుంది. మీ కాయల్లో అలాంటిది లేదు.

ఇప్పుడు మొదటి ఫొటోకు వస్తాను. అసలు పొరపాటు అక్కడే జరిగింది. కోత రోజు ట్రేలో మూడు రకాల కాయలు కలిసిపోయాయి. పూర్తిగా పచ్చివి, దోరకాయలు, ఎరుపు తిరిగినవి. మన మార్కెట్లో పచ్చి, దోర, పండు అని మూడు మాటలతో సరిపెడతారు కానీ నిల్వకు ఇంకాస్త వివరంగా చూడాలి. టమాటాలో రంగు అడుగున, అంటే పువ్వు రాలిన చోట మొదలై పైకి పాకుతుంది. ఆ చోట చిన్న చుక్కలా పసుపో, గులాబీయో కనిపిస్తే కాయ పండటం మొదలుపెట్టినట్టే. పదో వంతు నుంచి మూడో వంతు దాకా రంగు పాకితే అది దోర. సగం దాటి, తొంభై శాతం లోపు ఉంటే ఎరుపు తిరిగినది. ఆపైన పండు. పై నుంచి ఫొటో తీస్తే ఆకుపచ్చ భుజాలే కనిపిస్తాయి, దోరకాయ కూడా పచ్చికాయలా అనిపిస్తుంది. అందుకే కాయను తిప్పి, అడుగు పైకి పెట్టి తీయాలి.

పచ్చికాయల్లో మళ్ళీ ముదురు, లేత ఉంటాయి. బయట నుంచి రెండూ ఒకేలా ఉంటాయి, ఫొటోలో తేలదు. పదును కత్తితో అడ్డంగా కోయండి. గదులన్నిట్లో జిగురు నిండి, కత్తి తగిలినప్పుడు గింజలు తెగకుండా జారిపోతే అది ముదురు కాయ. గింజలు తెగిపోతే లేతది. లేతది ఎక్కడ పెట్టినా సరిగా పండదు. దాన్ని చలి దెబ్బ లెక్కలో వేయకండి. మీ వసారా ట్రేల్లో ఇంకా పచ్చిగా మిగిలిన నాలుగైదు కాయలు ఈ రకమే అయి ఉండొచ్చు, కోసి చూడండి.

ఏ దశకు ఎంత చలి అన్నది ఇలా గుర్తుంచుకోండి. ముదురు పచ్చికాయకు 13 నుంచి 15 డిగ్రీలు. ఎరుపు తిరిగిన కాయ 10 నుంచి 12 డిగ్రీలు తట్టుకుంటుంది. గట్టిగా ఉన్న పండును 7 నుంచి 10 డిగ్రీల్లో మూడు నాలుగు రోజులు ఆపవచ్చు. పండే కొద్దీ కాయ చలిని కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది. మూడు దశల కాయల్ని ఒకే గదిలో 6 డిగ్రీల్లో పెడితే పండ్లు కాస్త బతుకుతాయి, పచ్చివి పాడవుతాయి. మీ 22 ట్రేల్లో జరిగింది ఇదే.

ఈ నాలుగు రోజుల్లో మీరు చూసింది చాలు కాబట్టి, ఆ 22 ట్రేలను రేపే కుప్పలు చేయండి. ఎరుపు సమంగా వచ్చి, నొక్కితే గట్టిగా ఉన్నవి మొదటి కుప్ప. వాటిని ఆ రోజే అమ్మేయండి, మళ్ళీ నిల్వ ఆలోచన వద్దు. చలిలో ఉన్న కాయకు వాసన, రుచి తగ్గుతాయి. కొనేవారికి ఆ మాట చెప్పి ధర మాట్లాడుకుంటే తర్వాత పేచీ రాదు. రంగు మచ్చలుగా వచ్చినా గట్టిగా, గుంటలు బూజు లేకుండా ఉన్నవి రెండో కుప్ప. ఇవి తినడానికి హాని చేయవు. కూర, పప్పు, చారు, రోటి పచ్చడికి పనికొస్తాయి. హోటళ్లకు, భోజనాల వంటవాళ్లకు ఒకటి రెండు రోజుల్లో ఇచ్చేయండి. నిల్వ పచ్చడికి మాత్రం వీటిని వాడొద్దని నా మాట. కణాలు పాడైన కాయ నీరు ఎక్కువ వదులుతుంది. ఎండబెట్టినప్పుడు సరిగా ఆరకపోతే జాడీలో బూజు పడుతుంది. పచ్చడి పెట్టాలనుకుంటే వసారాలో పండిన ఆ రెండు ట్రేలు వాడండి, అవి చక్కటి కాయలు.

మెత్తబడి గుంటలు పడినవి, తొడిమ దగ్గర నల్లగా మారినవి మూడో కుప్ప. నల్లటి చోటు కోసేసి మిగతాది వాడుకుందామని అనిపిస్తుంది, వద్దు. టమాటా గుజ్జు మెత్తన కాబట్టి బూజు కంటికి కనిపించే దానికంటే లోపలికి పోయి ఉంటుంది. వాటిని పెంటలో వేసి మట్టి కప్పండి. పశువులకు కూడా పెట్టొద్దు.

ఇక ఆ 16 ట్రేలు. రేపటికి అవి 13 రోజులకు పైగా చలిలో ఉన్నట్టు. పచ్చివి ఇక సరిగా పండవు. కార్బైడ్ పెట్టినా పండవు, పైగా దానిపై నిషేధం ఉంది. దెబ్బతిన్న కాయకు ఏ గ్యాసూ రంగు తెచ్చిపెట్టలేదు. కాబట్టి మనం కాపాడుకోగలిగింది అందులోని ఎరుపు తిరిగినవాటిని, పండ్లను. చల్లటి కాయ బయటి గాలి తగలగానే చెమట పడుతుంది. ఆ తడే బూజుకు దారి. టార్పాలిన్ కప్పకండి, ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చకండి. నీడలో విడివిడిగా పెట్టి ఫ్యాన్ వేసి, తడి ఆరాకే ఏరండి. ఎర్రవి ఆ సాయంత్రమే పంపండి. దోరవి రెండు రోజులు చూడండి. రంగు సమంగా పాకితే అమ్మకానికి, మచ్చలు తేలితే వంటకు. పచ్చివాటిలో గట్టిగా ఉన్నవి పచ్చి టమాటా పచ్చడికో, పప్పుకో వెంటనే ఇచ్చేయండి. పండుతాయని ఎదురుచూస్తే ఆ విలువ కూడా పోతుంది.

వచ్చే కోతకు ఒక మాట. జనవరిలో మన వైపు నీడలో రాత్రి 17, 18, పగలు 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. టమాటా బాగా పండటానికి కావలసింది 20 డిగ్రీల చుట్టుపక్కలే. అంటే ఆ రోజుల్లో గాలి ఆడే మీ వసారానే మంచి నిల్వ గది. ముదురు పచ్చివి అక్కడ వారం, పది రోజులు ఆగి పండుతాయి. మీరు ఆశించింది కూడా సరిగ్గా అన్ని రోజులే కదా. ఏప్రిల్, మే వస్తే లెక్క మారుతుంది. 30 డిగ్రీలు దాటితే ఎరుపు సరిగా రాక కాయ పసుపు, నారింజ రంగులో ఆగిపోతుంది. అప్పుడు రెండు వరసల ఇటుక గోడల మధ్య తడి ఇసుక నింపి కట్టే చల్లని గది పనికొస్తుంది. కాకపోతే అది గాలి పొడిగా ఉన్నప్పుడే బాగా చల్లబడుతుంది. మీ రామభద్రపురం వైపు ఎండాకాలంలో ఫలితం ఉంటుంది, సముద్రం దగ్గరి ఊళ్లలో తక్కువ.

ఫొటోల విషయంలో ఒక పొరపాటు నేనూ చేశాను. ఒకసారి నీలం టార్పాలిన్ కింద తీసిన ఫొటో చూసి దోరకాయల్ని పచ్చివని చెప్పాను, ఆ రైతు నాలుగు రోజులు ఎక్కువ ఆపి నష్టపోయారు. అప్పటి నుంచి అందరినీ అడుగుతున్నాను. నీడలో, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, కాయల కింద తెల్ల కాగితం వేసి తీయండి. కాగితం ఫొటోలో తెల్లగా కనిపిస్తేనే కాయ రంగును నమ్మగలను. మెత్తదనం, వాసన ఫొటోలో రావు. అందుకే ట్రేకు పది కాయలు నొక్కి చూసి, ఎన్ని మెత్తగా ఉన్నాయో రాసి పంపాలి.

రేపు 16 ట్రేలు ఆరాక, దశకు మూడు కాయలు చొప్పున అడుగు కనిపించేలా ఒక ఫొటో, అడ్డంగా కోసి ఒక ఫొటో పంపండి. దోరకాయల్లో గింజ ఇంకా తెల్లగా ఉంటే వాటిని రెండు రోజులు ఆపుదాం. గోధుమ రంగుకు తిరిగి ఉంటే ఆపొద్దు, ఎర్రవాటితో పాటే రామభద్రపురం మార్కెట్ బండి ఎక్కించేయండి.