ఏడాదికి 6 లక్షలు చేతికి రావాలంటే గంటకు ఎంత తీసుకోవాలి?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఉద్యోగానికి వెళ్లకుండా ఫ్రీలాన్స్ వీడియో ఎడిటింగ్ చేద్దామనుకుంటున్నాను. ఏడాదికి 6 లక్షలు నా చేతికి రావాలి. నెలకు 160 గంటల చొప్పున ఏడాదికి 1,920 గంటలు. 6 లక్షలను దానితో భాగిస్తే గంటకు 312 వచ్చింది. కాస్త పెంచి 350 అడగాలనుకుంటున్నాను. ఈ లెక్క సరిపోతుందా?

జవాబు: సరిపోదు. గంటకు 350 తీసుకుంటే ఏడాదంతా తీరిక లేకుండా పనిచేసినా అనుకున్నదానిలో సగం కూడా మీకు మిగలదు. మీ భాగహారంలో తప్పు లేదు. కానీ పైన వేసుకున్న మొత్తం తక్కువ, కింద వేసుకున్న గంటలు ఎక్కువ. రెండింటినీ సరిచేద్దాం.

ముందు పైన ఉన్న మొత్తం. చేతికి 6 లక్షలు మిగలాలంటే క్లయింట్ల నుంచి అంతకంటే ఎక్కువ రావాలి, ఎందుకంటే పన్నూ ఖర్చులూ అందులోంచే పోతాయి. పన్ను మీ ఆదాయాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ లెక్క కోసం 10 శాతం అనుకుందాం. చాలామంది 6 లక్షలకు 10 శాతం కలిపి 6,60,000 చాలనుకుంటారు. కానీ పన్ను వేసేది ఆ 6,60,000 మీద. అందులో 10 శాతం పోతే మిగిలేది 5,94,000 మాత్రమే. కలపడం కాదు, 6 లక్షలను 0.9తో భాగించాలి. అప్పుడు 6,66,667 వస్తుంది.

దీనికి ఖర్చులు కలపాలి. ఎడిటింగ్‌కు పనికొచ్చే కంప్యూటర్ 1,20,000 పెట్టి కొన్నారనుకోండి. అది నాలుగేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి 30,000 పక్కన పెడుతూ పోవాలి. డబ్బు ఒకసారే ఇచ్చేశాం కదా అని దీన్ని వదిలేస్తే, ఐదో ఏట కొత్తది కొనడానికి అప్పు చేయాల్సి వస్తుంది. సాఫ్ట్‌వేర్ చందాలు, ఫుటేజ్ దాచే డిస్కులు, ఇంటర్నెట్, కరెంటు, ఆరోగ్య బీమా, లెక్కలు చూసేవారి ఫీజు కలిపి మరో 53,000 అనుకుందాం. ఖర్చులు మొత్తం 83,000. అంటే క్లయింట్ల నుంచి ఏడాదికి రావలసింది దాదాపు 7,50,000.

ఇక గంటలు. అసలు తేడా వచ్చేది ఇక్కడే. 52 వారాల్లో సెలవులకు, జ్వరాలకు, ఇంటి పనులకు కనీసం 6 వారాలు పోతాయి. ఉద్యోగంలో అయితే ఆ రోజులకూ జీతం వస్తుంది, ఇక్కడ రాదు. మిగిలిన 46 వారాలు, వారానికి 40 గంటల చొప్పున 1,840 గంటలు. కానీ వీటన్నిటికీ బిల్లు వేయలేరు. కొత్త క్లయింట్‌కు నమూనా వీడియోలు పంపడం, ఫోనులో మాట్లాడటం, కొటేషన్లు రాయడం, చివరికి చేతికి రాని పనుల కోసం తిరగడం, రావలసిన డబ్బు గుర్తుచేయడం, కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం, ఇవన్నీ పనే. డబ్బు మాత్రం ఎవరూ ఇవ్వరు. పాత క్లయింట్లు ఎవరూ లేని మొదటి ఏడాదిలో సగం సమయం వీటికే పోతుందని లెక్క వేసుకోండి. బిల్లు వేయగలిగేవి 920 గంటలు.

7,50,000ను 920తో భాగిస్తే గంటకు 815. మీ కనీస ధర ఇదీ. మీరు అనుకున్న 350తో ఇదే 920 గంటలు పనిచేస్తే వచ్చేది 3,22,000. ఖర్చులు పోగా మిగిలేది 2,39,000. పన్ను ఏమైనా ఉంటే అదీ ఇందులోంచే పోవాలి.

ఇప్పుడు నెలవారీ పని. 7,50,000ను 12తో భాగించి నెలకు 62,500 చాలనుకోకండి, ఆ 6 వారాల సెలవుల్లో వచ్చేదేమీ ఉండదు. పూర్తిగా పనిచేసే నెలలో బిల్లు వేయగలిగేవి 87 గంటలు. ఆ నెలలో సుమారు 71,000 విలువైన పని జరగాలి.

అయితే క్లయింట్లు గంటల లెక్క అడగరు, ‘ఈ వీడియోకు ఎంత?’ అంటారు. పది నిమిషాల శిక్షణ వీడియో ఒకటి తీసుకుందాం. ఎడిటింగ్‌కు 14 గంటలు పడుతుందని మీరు 12,000 చెప్పారు. గంటకు 857, బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఫుటేజ్ దించుకుని వరుసలో పెట్టుకోవడానికి 2 గంటలు, రెండు విడతల మార్పులకు 5 గంటలు, చివరి ఫైళ్లు తయారుచేసి పంపడానికి గంట పట్టింది. మొత్తం 22 గంటలు. మీకు గిట్టింది గంటకు 545. ఈ పనికి చెప్పవలసిన కనీస ధర 18,000. రెండు విడతలకు మించి మార్పులు అడిగితే అదనంగా ఇంత అవుతుందని కొటేషన్‌లోనే రాయండి. వీడియో ఎడిటింగ్‌లో లాభం కరిగిపోయేది ఎక్కువగా మూడో విడత, నాలుగో విడత మార్పుల్లోనే. రెండర్ అవుతున్నంతసేపు ఆ కంప్యూటర్ మీద మరో పని చేయలేకపోతే ఆ సమయాన్నీ లెక్కలో వేయండి.

22 గంటల చొప్పున 87 గంటల్లో పట్టేవి ఇలాంటి వీడియోలు నాలుగు. అడిగినవారిలో ముగ్గురికి ఒకరు పని ఇస్తారనుకుంటే, నెలకు పన్నెండు మందితో మాట్లాడాలి. అది మీకు సాధ్యమా కాదా అన్నది ఇప్పుడే ఆలోచించండి. 815 అన్న అంకె కంటే ఈ పన్నెండు మందే మొదటి ఏడాది మిమ్మల్ని ఎక్కువగా పరీక్షిస్తారు.

మీకు దొరికే క్లయింట్లు వీడియోకు 18,000 ఇవ్వరని తేలితే? ఖర్చులు తగ్గించుకుందామని చాలామందికి మొదట తోస్తుంది. దానితో పెద్దగా ఒరిగేది లేదు. ఏడాదికి 20,000 ఖర్చు తగ్గించినా కనీస ధర గంటకు 22 మాత్రమే తగ్గుతుంది. అదే బిల్లు వేయగలిగే సమయాన్ని సగం నుంచి 60 శాతానికి పెంచగలిగితే గంటలు 1,104 అవుతాయి, కనీస ధర 680కి దిగుతుంది. అందుకే ప్రతి నెలా పని ఇచ్చే క్లయింట్లను ఒకరిద్దరిని సంపాదించుకోవడం మంచి దారి. వారికి ధర కొంచెం తగ్గించినా నష్టం లేదు, వారి కోసం మళ్లీ నమూనాలు పంపే పని ఉండదు. అదీ కుదరకపోతే మొదటి ఏడాది లక్ష్యాన్ని 4 లక్షలకు తగ్గించుకుని లెక్క మళ్లీ వేసుకోండి. నా సలహా అయితే ఇదే. వారానికి 60 గంటలు పనిచేసి ఆ లోటు పూడుద్దామని మాత్రం అనుకోవద్దు. అలసిపోయి చేసిన ఎడిటింగ్‌కు మార్పులు ఎక్కువ వస్తాయి, పెంచిన గంటలు వాటికే పోతాయి.

ఇందులో నేను ఊహించి వేసిన అంకెల్లో ధరను ఎక్కువగా మార్చేది ఆ సగం అన్న భాగమే. పని మొదలుపెట్టిన రోజు నుంచి మూడు నెలల పాటు ప్రతి గంటా ఒక పుస్తకంలో రాయండి. ఏ క్లయింట్, ఏ పని, బిల్లులోకి వచ్చిందా లేదా, ఈ మూడు వరుసలు చాలు. మూడో నెల చివర బిల్లులోకి వచ్చిన గంటలను మొత్తం గంటలతో భాగించి, వచ్చిన భాగాన్ని 1,840తో గుణించి, 920 ఉన్న చోట ఆ సొంత అంకె వేసి కనీస ధర మళ్లీ కట్టండి. ఆ భాగం 40 శాతమే అని తేలితే గంటలు 736, ధర 1,019 అవుతుంది. అప్పటి నుంచి ఇచ్చే ప్రతి కొటేషన్‌నూ ఆ ధరతోనే లెక్కకట్టాలి.