బైపాప్ పెట్టిన మొదటి గంటలో ఏం చూడాలి?

“మా నాన్నగారికి సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ఎక్కువై ఐసీయూలో మాస్క్ గుండా ప్రెషరుతో గాలి పంపే బైపాప్ మెషీన్ పెట్టారు. ఆక్సిజన్ 90 దగ్గరే ఆగిపోయింది, మాస్క్ పీకేస్తున్నారు. అది పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? అసలు ఇది ఎవరికి పెడతారు?”

ఈ జబ్బులో 90 భయపడవలసిన అంకె కాదు. మేము కోరుకునేదే 88 నుంచి 92 మధ్య, ఎందుకంటే ఆక్సిజన్ మరీ ఎక్కువ ఇస్తే ఈ రోగుల నెత్తురులో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవచ్చు. నేను తిరుపతిలో ఒక ఆసుపత్రి ఐసీయూలో చాలా ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మానిటరు మీద 99 చూసి ఊపిరి పీల్చుకునే బంధువులను చూసినప్పుడల్లా నాకు గుర్తుకు వచ్చేది చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన.

ఆయన జీవితమంతా బెల్లం గానుగ దగ్గర పొయ్యి పొగలో గడిపారు, దానికి తోడు బీడీలు. దారి పొడవునా 10 లీటర్ల ఆక్సిజన్ ఇస్తూ తెచ్చారు. మానిటరులో 99 ఉంది కానీ మనిషి మగతలో ఉన్నారు, నిమిషానికి 34 సార్లు ఊపిరి తీస్తున్నారు. మణికట్టు రక్తనాళం నుంచి నెత్తురు తీసి ఏబీజీ పరీక్ష చేస్తే, నెత్తురులో ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ 7.26, కార్బన్ డయాక్సైడ్ 78 వచ్చాయి. ఆక్సిజన్ తగ్గించి, నెబ్యులైజేషన్, స్టెరాయిడ్ ఇచ్చిన తరువాత కూడా పీహెచ్ 7.27 దాటలేదు. బైపాప్ అవసరమైనది ఇటువంటి వారికే: మందులు ఇచ్చినా పీహెచ్ 7.35కు తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ 45కు ఎక్కువగా ఉండి, ఊపిరి తీసే కండరాలు అలసిపోతున్నవారికి. ఆగకుండా వాంతులు అవుతున్నవారికి, కఫం గొంతులోనే నిలిచిపోతున్నవారికి, ఊపిరి ఆగిపోయే స్థితిలో ఉన్నవారికి మాస్క్ పెట్టి కాలయాపన చేయకూడదు. ఆయన మగతలో ఉన్నా పిలిస్తే కళ్లు తెరిచి జవాబు చెబుతున్నారు, ఆ మగతకు కారణం కార్బన్ డయాక్సైడే కాబట్టి డాక్టరు గారు ప్రయత్నిద్దామన్నారు.

ఊపిరి లోపలికి తీసేటప్పుడు 12, వదిలేటప్పుడు 5 ప్రెషరుతో మొదలుపెట్టి, పై అంకెను కొద్దికొద్దిగా 18 వరకు పెంచాము. గంట తరువాత ఏబీజీ చూస్తే పీహెచ్ 7.25. ఇంకా దిగజారింది. గొంతులోంచి ఊపిరి గొట్టంలోకి ట్యూబ్ వేయడానికి ట్రే కూడా సిద్ధం చేశారు. అప్పుడు మెషీన్ తెర మీద లీక్ అంకె చూశాను. నిమిషానికి 70 లీటర్లు. మాస్క్ పై అంచు నుంచి గాలి ఆయన కళ్లలోకి కొడుతోంది. రెండు బుగ్గలు లోపలికి గుంటలు పడి, మాస్క్ కింది అంచు ఎక్కడా ఆనడం లేదు. ఐసీయూలోకి తీసుకురాగానే రూలు ప్రకారం కట్టుడు పళ్లు తీసేసి కవరులో పెట్టి కొడుకు చేతికిచ్చాము, అదీ కారణం! లీక్ అవుతోందని అప్పటికే ఎవరో పట్టీలు బిగించేశారు, ముక్కు దూలం ఎర్రగా కంది పోయింది. గట్టిగా లాగేకొద్దీ మాస్క్ దిండు నలిగి మరో పక్క తెరుచుకుంటుందని ఎన్నిసార్లు చెప్పినా ఈ అలవాటు పోదు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి.

“తీసేయమ్మా, గాలాడలేదు” అని ఆయన చేత్తో తోస్తున్నారు. పళ్లు వదులుగా ఉన్నా, పిలిస్తే పలకకపోయినా వాటిని తిరిగి పెట్టే సాహసం చేసేవాళ్లం కాదు, ఎందుకంటే జారి గొంతుకు అడ్డం పడతాయి. ఆయన పళ్లు గట్టిగా కూర్చునేవి. డాక్టరు గారిని అడిగి పళ్లు పెట్టించి, ఒక సైజు చిన్న మాస్క్ తీసుకుని, పట్టీలు వేయకుండా ముందు నా చేత్తోనే ముఖానికి ఆనించి పట్టుకుని, “నాయనా, మెషీన్‌తో పాటు నిదానంగా పీల్చండి” అని చెబుతూ ఐదు నిమిషాలు కూర్చున్నాను. ఆ తరువాతే పట్టీలు కట్టాను. లీక్ 22కు దిగింది. మాస్క్ దగ్గర ఉండే చిన్న రంధ్రాల నుంచి వదిలిన గాలి బయటికి పోవాలి కాబట్టి ఆ అంకె సున్నా కాదు, ఆ రంధ్రాలను లీక్ అనుకుని ప్లాస్టరు అంటించకూడదు.

మరో గంటకు ఊపిరి 34 నుంచి 24కు తగ్గింది, మెడ కండరాలు ఎగదన్నడం ఆగింది, కొడుకును పేరు పెట్టి పిలిచారు. పీహెచ్ 7.31, కార్బన్ డయాక్సైడ్ 68. నాలుగో గంటకు 7.36. మీ నాన్నగారి విషయంలోనూ మీరు చూడవలసినవి ఇవే: నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు, తెలివి పెరుగుతోందా, గంటకు ఒకసారి, మళ్లీ నాలుగు నుంచి ఆరు గంటల మధ్య ఒకసారి చేసిన ఏబీజీలో పీహెచ్ ఎటు కదిలింది. మాస్క్ సరిగా కూర్చుని, ప్రెషరు చాలినంత ఇచ్చినా పీహెచ్ పడిపోతూ మగత పెరుగుతుంటే డాక్టర్లు ట్యూబ్ వేయాలంటారు. అప్పుడు “ఇంకో పూట చూద్దాం” అని సంతకానికి ఆలస్యం చేయకండి.

పీకేస్తున్నారని చేతులు కట్టేయమనకండి, మత్తు ఇంజెక్షను అడగకండి. ముందు గాలి కళ్లలోకి కొడుతోందేమో, నోరు ఎండిపోయిందేమో, పళ్ల కవరు మీ సంచిలోనే ఉండిపోయిందేమో చూసి, అక్కడి నర్సుకు చెప్పండి.