గేట్‌వే లెక్క సరిపోయింది, ఆర్డర్లే సరిపోలేదు

ప్రశ్న: మేం గుంటూరు నుంచి ఆన్‌లైన్‌లో పచ్చళ్లు, పొడులు అమ్ముతాం. సోమవారం మా సైట్‌లో 40 ఆర్డర్లు, రూ.62,480 అమ్మకం చూపిస్తోంది. బుధవారం బ్యాంకులో పడింది రూ.52,364.40. కమీషన్ యూపీఐకి ఏమీ లేదు, కార్డులకు 2 శాతమే అన్నారు. పది వేలు ఎటు పోయాయి? పేమెంట్ గేట్‌వే వాళ్లు మోసం చేస్తున్నారా? రెండు ఫైళ్లూ పంపుతున్నాను.

జవాబు: గేట్‌వే మీకు ఒక్క పైసా బాకీ లేదు. కానీ మీ సైట్‌లో దొంగ దూరే సందు ఉంది. కమీషన్ గురించి అడిగే ఉత్తరాలు వారం వారం వస్తూనే ఉంటాయి. ఫైళ్లు తెరిచి చూస్తే అసలు తేడా చాలాసార్లు వేరేచోట బయటపడుతుంది.

ముందు బ్యాంకు వైపు చూద్దాం. పాస్‌బుక్‌లో పడిన మొత్తం పక్కన ఆ బదిలీని గుర్తించే యూటీఆర్ నంబరు ఉంటుంది. గేట్‌వే ఇచ్చే సెటిల్‌మెంట్ ఫైల్లో అదే యూటీఆర్ ఉన్న వరుసలన్నీ వడకట్టండి. మీ ఫైల్లో ఆ యూటీఆర్ కింద 38 పేమెంట్లు, రూ.57,408 ఉన్నాయి. అందులో కమీషన్, జీఎస్టీ కలిపి రూ.613.60, ఒక రీఫండ్ రూ.1,280, ఒక చార్జ్‌బ్యాక్ రూ.3,150 కోసుకుంటే రూ.52,364.40 మిగిలింది. బ్యాంకులో పడిందీ అంతే.

ఇక కమీషన్. ఆ రోజు కార్డులు, నెట్‌బ్యాంకింగ్ మీద వచ్చింది రూ.24,000. అందులో రూ.4,000 విదేశీ కార్డు. దానికి మీ ఒప్పందంలో 3 శాతం రాసి ఉంది, చూసుకోండి. ఇరవై వేలకు రూ.400, నాలుగు వేలకు రూ.120, ఈ 520 మీద 18 శాతం జీఎస్టీ రూ.93.60. మిగతా రూ.33,408 యూపీఐ, దాని మీద ఏమీ పడలేదు. 2020 జనవరి 1 నుంచి యూపీఐకి, రూపే డెబిట్ కార్డులకు ఎండీఆర్ అనే వ్యాపారి కమీషన్ లేదు. అయినా కొన్ని ఒప్పందాల్లో ప్లాట్‌ఫాం ఫీజు అని వేరే పేరుతో వసూలు ఉంటుంది. అందుకే రేటు నోటిమాటగా కాకుండా ఒప్పందం కాగితంలో చూడాలి. మరో చిక్కు: కొన్ని ఫైళ్లలో `fee` కాలమ్‌లోనే జీఎస్టీ కలిసి ఉంటుంది, పక్కన `tax` అని మళ్లీ విడిగా చూపిస్తారు. రెండూ తీసేస్తే జీఎస్టీ రెండుసార్లు పోయినట్టు కనబడుతుంది. ఒక్క వరుస తీసుకుని చేత్తో లెక్క వేస్తే మీ ఫైల్ ఏ రకమో తేలిపోతుంది.

చార్జ్‌బ్యాక్‌ను తేదీతో వెతక్కండి, దొరకదు. అది రెండు నెలల కిందటి పేమెంటుది. పేమెంట్ ఐడీతోనే పట్టుకోవాలి. కొనుగోలుదారు తన బ్యాంకులో ఫిర్యాదు చేయగానే, విచారణ పూర్తి కాకముందే మీ డబ్బు ఆపారు. గేట్‌వే మెయిల్లో గడువు ఉంటుంది. ఆలోగా బిల్లు, కొరియర్ డెలివరీ రుజువు పంపకపోతే కేసు పోయినట్టే. గెలిస్తే డబ్బు ఇంకెప్పుడో, వేరే సెటిల్‌మెంట్‌లో ‘అడ్జస్ట్‌మెంట్’ అనే వరుసగా తిరిగొస్తుంది. ఆ వరుస పక్కన అసలు పేమెంట్ ఐడీ ఇవ్వని డాష్‌బోర్డులు తయారుచేసే వాళ్లకు ఏం చెప్పాలో తెలియడం లేదు. ముందు పేజీ నిండా రంగురంగుల గ్రాఫులు పెడతారు. వ్యాపారికి నిజంగా కావలసిన సెటిల్‌మెంట్ ఫైల్ మాత్రం నాలుగు మెనూల లోపల దాస్తారు. గ్రాఫులోనేమో పేమెంటు జరిగిన తేదీ, ఫైల్లోనేమో డబ్బు పడిన తేదీ. రెండూ ఏనాడూ కలవవు. ఇలాంటి తెరలు చూసే మీలాంటి వాళ్లు గేట్‌వేను దొంగ అనుకుంటున్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీ సైట్ అమ్మకం రూ.62,480, గేట్‌వేకు అందింది రూ.57,408. ఈ రూ.5,072 తేడా కమీషన్ కోతకు ముందే ఉంది. ఎక్సెల్‌లో `Sales` షీట్‌లో ఆర్డర్ నంబరు A లో, మొత్తం B లో పెట్టండి. `Settle` షీట్‌లో ఆర్డర్ నంబరు A లో, వరుస రకం C లో, మొత్తం D లో ఉండాలి. సోమవారం ఆర్డర్లకైనా సెటిల్‌మెంట్ ఫైల్ మాత్రం వారం రోజులది తీసుకోండి. తర్వాత `Sales` లో C2 నుంచి ఈ ఫార్ములా కిందిదాకా లాగండి:

```
=SUMIFS(Settle!D:D,Settle!A:A,A2,Settle!C:C,"payment")-B2
```

సున్నా వస్తే సరిపోయినట్టు. ప్లస్‌లో వస్తే కొనుగోలుదారు రెండుసార్లు కట్టి ఉంటాడు, వెనక్కి ఇచ్చేయండి. మైనస్ వచ్చినవాటి దగ్గర ఆగాలి.

మీ ఫైళ్లలో రాత్రి ఆలస్యంగా కట్టిన రెండు ఆర్డర్లు, రూ.2,350, గురువారం సెటిల్‌మెంట్‌లోకి వెళ్లాయి. ఆదివారం రాత్రిది ఒకటి, రూ.1,150, బుధవారంలోకి వచ్చింది. అది ఇబ్బంది కాదు. మిగిలినవి రెండు. ఒకటి రూ.1,640 ఆర్డర్: సైట్‌లో ‘పెయిడ్’ అని ఉంది, గేట్‌వేలో పేమెంటే లేదు. రెండోది రూ.2,480 ఆర్డర్: వచ్చింది రూ.248. కలిపి రూ.3,872. ఒక్క రోజులో పోయిన ఈ సొమ్ము ఆ రోజు కమీషన్‌కు ఆరు రెట్లు.

మొదటిదాన్ని గేట్‌వే పేమెంట్ల జాబితాలో ఒకసారి వెతకండి. అక్కడ `authorized` అని ఉంటే కొనుగోలుదారు నిజంగానే కట్టాడు, మీరు దాన్ని ఖాతాలోకి తీసుకోలేదని, అంటే `captured` చేసుకోలేదని అర్థం. అసలు ఏమీ లేకపోతే, పేమెంటు అయ్యాక తెరుచుకునే సక్సెస్ పేజీ చిరునామాను ఎవరో నేరుగా తెరిచి ఉంటారు. పేజీ తెరుచుకోగానే ఆర్డర్‌ను పెయిడ్ అని రాసేసుకునే సైట్లలో ఇది జరుగుతుంది. గేట్‌వే ప్రతి పేమెంటుతో ఒక డిజిటల్ సంతకం పంపుతుంది. దాన్ని మీ సర్వర్ రహస్య కీతో సరిచూశాకే పెయిడ్ అనాలి. ఆ కీ బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌లో ఉండనే కూడదు.

రెండోది ఇంకా భయపెట్టేది, ఎందుకంటే అక్కడ సంతకం కూడా సరిగ్గానే ఉంటుంది. కూపన్ ఏదీ వాడలేదు, 2480లో చివరి సున్నా మాత్రం లేదు. మీ సైట్ కట్టాల్సిన మొత్తాన్ని బ్రౌజర్ నుంచే గేట్‌వేకు పంపుతోంది, మధ్యలో దాన్ని మార్చేశారు. చాలాచోట్ల ఆ సంతకం ఆర్డర్, పేమెంట్ ఐడీల మీదే ఉంటుంది, మొత్తం మీద ఉండదు. మీ డెవలపర్‌కు మూడు పనులు చెప్పండి. మొదటిది, మొత్తం సర్వర్‌లోనే నిర్ణయించి గేట్‌వేలో ఆర్డర్ సృష్టించాలి. రెండోది, పేమెంటు తిరిగొచ్చాక అది ఈ బుట్టకు ఇచ్చిన ఆర్డర్ ఐడీదేనా అని చూడాలి, లేదంటే పాత చిన్న పేమెంటు సంతకాన్నే మళ్లీ వాడేస్తారు. మూడోది, గేట్‌వే నుంచి ఆ పేమెంటు వివరాలు సర్వర్ ద్వారా తెప్పించుకుని మొత్తం, స్థితి సరిపోతేనే పెయిడ్ అని రాయాలి.

ఇది సరయ్యేదాకా పార్సిల్ కట్టే ముందు ప్రతి ఆర్డర్‌నూ గేట్‌వే జాబితాలో చూసుకోండి. గత ఏడాది సెటిల్‌మెంట్ ఫైళ్లన్నీ `Settle` లో పెట్టి, పై ఫార్ములాను ఆ ఏడాది ఆర్డర్లన్నిటి మీదా నడిపి, మైనస్ వచ్చినవాటిలో ఒకే ఫోన్ నంబరు, ఒకే చిరునామా మళ్లీ మళ్లీ ఉన్నాయేమో చూడండి. సర్వర్ లాగ్‌లు మాత్రం ఈరోజే దింపి పెట్టుకోండి. చాలా హోస్టింగ్‌లలో అవి కొద్ది రోజులకే చెరిగిపోతాయి.